వెనక జారే ప్యాంటుకు సైజు పెంచితే సరిపోదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ఉంటాను, ఆఫీసులో రోజంతా కూర్చుని చేసే పని. మూడేళ్లుగా ఇంట్లోనే కుట్టుకుంటున్నాను. కుర్తీలు, బ్లౌజులు బాగానే వస్తున్నాయి కానీ ప్యాంటు దగ్గరే ఓడిపోతున్నాను. నా నడుము 30, సీటు 41 అంగుళాలు. సీటు బాగా వెనక్కి ఉంటుంది. 41 సీటుకు సరిపోయే ప్యాటర్న్ తీసుకుని కాటన్ ట్విల్‌తో కుట్టాను. కూర్చోగానే వెనక నడుము పట్టీ కిందికి దిగిపోతుంది. నిలబడితే సీటు మధ్యలో బట్ట లోపలికి ఇరుక్కుంటుంది. పక్క కుట్టు కూడా వెనక్కి లాక్కుపోతోంది. ఒక సైజు పెద్దది కుడితే నడుము, తొడలు వదులయ్యాయి, వెనక మాత్రం అలాగే ఉంది. ముందు నుంచి వెనక్కి కాళ్ల మధ్యగా టేపు పెడితే నాకు 29 వచ్చింది. ప్యాటర్న్ మీద ముందు 12.25, వెనక 15.5. తేడా కొంచెమే కదా అని క్రాచ్ మొత్తం ఒక అంగుళం దించాను. ఇప్పుడు ముందు సంచిలా వేలాడుతోంది, నడుస్తుంటే తొడల దగ్గర పట్టేస్తోంది. మా టైలర్ పక్కల్లో రెండు అంగుళాలు వదలమంటున్నాడు, లేకపోతే లైక్రా బట్ట తీసుకోమంటున్నాడు. ఏది వినాలి? కుట్టేసిన రెండు ప్యాంట్లను ఏమైనా చేయగలనా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన కొలతల్లోనే సగం సమాధానం ఉంది. మీరు క్రాచ్ పొడవు మొత్తంగా కొలిచి మొత్తంతోనే పోల్చారు. అలా చూస్తే ఒకటింబావు అంగుళం తేడానే కనబడుతుంది. కానీ ఆ పొడవు ముందుకు ఎంత, వెనక్కి ఎంత అన్నది విడిగా తెలియాలి.

ఇంకోసారి కొలవండి. నడుము పట్టీ కింది అంచు ఎక్కడ కూర్చోవాలో అక్కడ నడుముకు సన్నటి ఎలాస్టిక్ కట్టుకోండి. టేపుకు ఒక చిన్న తాళంచెవి వేలాడదీసి, టేపును ముందు ఎలాస్టిక్ నుంచి కాళ్ల మధ్యగా వెనక ఎలాస్టిక్ దాకా వదులుగా పట్టుకోండి. తాళంచెవి లోపలి కాలి కుట్టు రావలసిన చోట, అంటే కాళ్ల మధ్య అట్టడుగున వేలాడేలా జరపండి. అది ఉన్న చోటే ముందుకీ వెనక్కీ హద్దు. మీ 29లో ముందు 12, వెనక 17 వచ్చిందనుకుందాం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి దాదాపు అలాగే వస్తుందని నా అంచనా. ముందు ప్యాటర్న్ 12.25, అంటే సరిపోయింది. వెనక మీ ఒంటికి 17, సాగని బట్టకు కదలడానికి ఒక అర అంగుళం కలిపితే 17.5 కావాలి. ప్యాటర్న్‌లో ఉన్నది 15.5. లోటు రెండు అంగుళాలు, అదీ పూర్తిగా వెనకే.

మీరు క్రాచ్ మొత్తం దించినప్పుడు జరిగింది ఇదే. అవసరం లేని ముందు భాగానికి కూడా ఒక అంగుళం వెళ్లింది, అది సంచిలా వేలాడింది. వెనక పెరిగిన అంగుళం సీటు ఎత్తు మీదికి రాకుండా కాళ్ల మధ్య కిందికి చేరింది. క్రాచ్ ఒంటికి దూరంగా దిగిపోతే కాలు ఎత్తినప్పుడల్లా ప్యాంటు మొత్తం పైకి లేవాలి. తొడల దగ్గర పట్టేయడం అందుకే. ముందుగా ఆ దించిన అంగుళాన్ని ప్యాటర్న్‌లో తిరిగి పైకి తెచ్చేయండి. ఇక మీదట ముందు ముక్క క్రాచ్ జోలికి వెళ్లకండి.

టైలర్ గారి మొదటి సలహా గురించి. పక్కల్లో రెండు అంగుళాలు వదిలితే చుట్టుకొలత పెరుగుతుంది కానీ వెనక నిలువు పొడవు పెరగదు. మీ పట్టీ కిందికి దిగుతున్నది పొడవు చాలకే. అయితే పక్క కుట్టు వెనక్కి లాక్కుపోతోందంటే వెడల్పు పంపకంలో కూడా తేడా ఉంది. సీటు బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోట, పక్క కుట్టు రావలసిన స్థానం నుంచి స్థానం వరకు ముందు సగం, వెనక సగం వేరువేరుగా కొలవండి. ముందు 19, వెనక 22 వచ్చిందనుకోండి. ప్యాటర్న్ ఆ 41ని 20, 21గా పంచి ఉంటే, ముందు ఒక్కో ముక్కలో పక్కన అర అంగుళం తగ్గించి, వెనక ఒక్కో ముక్కలో అర అంగుళం పెంచితే చాలు. మొత్తం 41 మారదు, కుట్టు మాత్రం సరైన చోటికి వస్తుంది.

లైక్రా సలహా పూర్తిగా తప్పని అనను. కానీ మన దగ్గర దొరికే స్ట్రెచ్ ట్విల్ చాలావరకు అడ్డంగానే సాగుతుంది, నిలువుగా సాగదు. అంటే సీటు చుట్టూ బిగుతు తగ్గుతుంది, పట్టీ దిగడం మాత్రం ఆగదు. పైగా మెత్తగా సాగే బట్ట మధ్యలోకి ఇంకా ఎక్కువ ఇరుక్కుంటుంది. ప్యాటర్న్ సరయ్యాక అదే బట్ట వాడుకోండి, అప్పుడు అది నిజంగా సుఖంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. వెనక లోటు ఉన్న రెండు అంగుళాలను మూడు చోట్ల పూడ్చవచ్చు. ఏ చోట ఎంత ఇస్తారన్నదాన్ని బట్టి ప్యాంటు తీరు మారిపోతుంది. అందుకే అసలు బట్ట మీద కాకుండా కోరా కాటన్‌తో ఒక ట్రయల్ పీస్ కుట్టండి. జిప్ వద్దు, ముందు పిన్నులు చాలు. పట్టీ మాత్రం తప్పకుండా కుట్టండి, అది లేకపోతే బట్ట ఎంత దిగుతోందో తెలియదు. కత్తిరించే ముందే ముందు వెనక ముక్కల మీద, సీటు బాగా ఉబ్బెత్తుగా ఉన్న ఎత్తులో, సీటు గీతను మార్కర్‌తో అడ్డంగా గీయండి. ఒంటి మీద ఆ గీత నేలకు సమాంతరంగా ఉండాలి. వెనక పైకి లేచిందంటే సీటు మీద పొడవు చాలట్లేదని అర్థం.

మొదటి చోటు సీటు గీత. ట్రయల్ వేసుకుని, ఆ గీత వెంట వెనక బట్టను ఒక పక్క కుట్టు నుంచి రెండో పక్క కుట్టు దాకా ఎవరిచేతనైనా కోయించండి, పక్క కుట్లు మాత్రం తెగకూడదు. కోసిన చోట బట్ట దానంతటదే విచ్చుకుంటుంది, పట్టీ తన స్థానానికి వెళుతుంది. మధ్యలో ఎంత విచ్చుకుందో నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఒకసారి కొలవండి. నిలబడితే ఒక అంగుళం, కూర్చుంటే ఒకటిన్నర పైన రావచ్చు. నిలబడినప్పటి కొలతే పునాదిగా పెట్టుకోండి. ఖాళీలో ఒక గుడ్డ పట్టీ పెట్టి పిన్నులు గుచ్చి, దాన్నే కాగితం మీదికి దించండి. వెనక ముక్క ప్యాటర్న్‌ను సీటు కుట్టు, అంటే వెనక మధ్యలో వచ్చే కుట్టు వైపు నుంచి పక్క కుట్టు వైపుకు కత్తిరించి, చివర దారమంత వదిలేసి, సీటు కుట్టు వైపు ఒక అంగుళం తెరిచి కింద కాగితం అంటించండి.

ఇలా తెరిచినప్పుడు పై భాగం తిరిగి, సీటు కుట్టు గీత మీద చిన్న మొన తేలుతుంది. చాలామంది ఆ మొనను స్కేలు పెట్టి నేరుగా కోసేస్తారు. అలా చేయకండి. సీటుకు వెడల్పు కావలసింది సరిగ్గా అక్కడే. పైకీ కిందికీ నునుపుగా కలపండి, అంతే. పక్క కుట్టులో పడిన చిన్న వంకరను కూడా నునుపు చేయండి. నడుము కొలత మారదు.

దీని ఫలితం ఏమిటంటే సీటు కుట్టు ఇంకాస్త ఏటవాలు అవుతుంది. కూర్చున్నప్పుడు పట్టీ కదలకుండా ఉంటుంది, కానీ ఎక్కువగా తెరిస్తే నిలబడినప్పుడు పిరుదుల కింద బట్ట మడతలు పడుతుంది. రెండూ ఒకేసారి పూర్తిగా కుదరవు. రోజంతా నిలబడి పాఠం చెప్పే టీచరుకైతే ముప్పావుతో ఆపమంటాను. మీది కూర్చునే పని కాబట్టి ఒక అంగుళం, కావాలంటే ఒకటింబావు దాకా వెళ్లవచ్చు. నిలబడినప్పుడు కాస్త మడత కనిపించినా అది లోపం కాదు, కూర్చోవడానికి దాచుకున్న బట్ట.

రెండో చోటు వంపు ఆకారం. సీటు మధ్యలో బట్ట ఇరుక్కోవడానికి మూలం ఇదే. మీ ప్యాటర్న్ వెనక ముక్కను ఒకసారి పరిచి చూడండి. సీటు కుట్టు కిందికి వస్తూ వస్తూ చాలా పైనుంచే పక్కకు తిరిగి, కాళ్ల మధ్య మొన దాకా దాదాపు ఏటవాలు గీతలా, చప్పగా ఉండి ఉంటుంది. సీటు వెనక్కి ఉన్న ఒంటికి మలుపు అలా ఉండదు. పిరుదుల మీద నుంచి నిలువుగా దిగి, కింద త్వరగా మలుపు తిరిగి, కాళ్ల మధ్య దాదాపు అడ్డంగా సాగుతుంది. ఇంగ్లీషు ఎల్ అక్షరానికి మూల గుండ్రం చేసినట్టు ఉంటుంది. చప్పటి వంపు ఆ మూలలో బట్ట నింపేస్తుంది. ఒంటికి అక్కడ చోటు లేదు కాబట్టి ఆ బట్ట లోపలికి దూరుతుంది. సీటు కుట్టు మధ్య నుంచి రెండు వైపులా కిరణాల్లా లాగే ముడతలు కనిపిస్తే వంపు దోషమే.

ఒంటి ఆకారం తెలుసుకోవడానికి వంచితే అలాగే నిలిచే ఫ్లెక్సిబుల్ కర్వ్ స్కేలు వాడవచ్చు. కాళ్ల మధ్యగా వంచి తీసి కాగితం మీద పెట్టి చూడండి. కానీ దాన్ని అచ్చంగా గీసి ప్యాటర్న్ చేయవద్దు. మెత్తటి శరీరాన్ని స్కేలు నొక్కుతుంది, పైగా ఒంటి వంపూ బల్లపరుపు ముక్క మీది వంపూ ఒకటి కావు. మలుపు ఎంత కిందికి ఉంది, ఎంత త్వరగా తిరుగుతోంది అన్నంత వరకే దాన్ని నమ్మండి.

గీయడం ఇలా. సీటు కుట్టు నిలువు గీతను కిందికి పొడిగించి, క్రాచ్ అడ్డగీతతో కలిసే మూలను గుర్తు పెట్టండి. ఆ మూల నుంచి ఐమూలగా వంపు దాకా దూరం కొలవండి. చప్పటి వంపులో అది రెండు అంగుళాలకు పైనే ఉంటుంది. ఉదాహరణకు రెండుంబావు ఉంటే మొదటిసారి రెండుకు తెండి, ట్రయల్ చూశాక ఒకటింముప్పావుకు తెండి. ప్రతిసారీ పావు అంగుళమే. వంపు మూలకు దగ్గరయ్యే కొద్దీ దాని పొడవు కూడా పెరుగుతుంది, ఇక్కడ పావు నుంచి అర అంగుళం దాకా మీకు కలిసి వస్తుంది.

కొత్త వంపును కుట్టాక వెంటనే వేసుకుని తీర్పు చెప్పకండి. మిగిలిన మార్జిన్‌ను ఆ వంపు వరకు పావు అంగుళానికి కత్తిరించండి. లోపల వెడల్పాటి మార్జిన్ ఉంటే కుట్టు తెరుచుకోదు, వంపు మారనట్టే అనిపిస్తుంది. ఇంకా చాలలేదనుకుని మళ్లీ లోతు చేసి పాడు చేసుకున్న ప్యాంట్లు చాలా చూశాను.

లోతు చేయడానికీ ఒక వెల ఉంది. వంపును లోపలికి, అంటే పక్క కుట్టు వైపుకు జరిపినంత మేర ఆ ఎత్తులో సీటు వెడల్పు తగ్గుతుంది. మీ సీటు ఉబ్బెత్తు కింది భాగంలో ఉంటే ఆ తగ్గుదల వెంటనే తెలుస్తుంది. బట్ట పిరుదులను రెండుగా విడదీసి పట్టుకుంటుంది. అప్పుడు ఎంత లోపలికి కోశారో అంత పక్క కుట్టులో తిరిగి ఇవ్వాలి. పైన చెప్పిన అర అంగుళానికి ఇది అదనం. సీటు ఉబ్బెత్తు పైభాగంలో ఉన్నవాళ్లకు ఈ చిక్కు ఉండదు.

మూడో చోటు వెనక క్రాచ్ మొన, అంటే వెనక ముక్క కాళ్ల మధ్యకు వచ్చే కొస. దాన్ని అర అంగుళం పొడిగించి, లోపలి కాలి కుట్టు వెంట మోకాలి దగ్గరకు వచ్చేసరికి పాత గీతలో కలిపేయండి. సీటు వెనక్కి ఉన్నవారికి కాళ్ల మధ్య దాటాల్సిన దూరం ఎక్కువ, దానికి ఇది చోటిస్తుంది. లోపలి తొడ నుంచి పక్క పిరుదు వైపు ఏటవాలుగా ముడతలు లాగుతుంటే ఇది చాలట్లేదని గుర్తు. ఎక్కువైతే సీటు కింద నిలువుగా వదులు బట్ట వేలాడుతుంది, నడిచేటప్పుడు తొడల మధ్య రాసుకుంటుంది. పెద్ద సైజు కుట్టినప్పుడు మీ తొడలు వదులయ్యాయన్నారు కాబట్టి, అర అంగుళం దాటి వెళ్లాల్సిన అవసరం మీకు రాదనుకుంటున్నాను.

మొన పొడిగించాక మోకాలి నుంచి మొన దాకా ముందు, వెనక లోపలి కుట్ల పొడవు పోల్చండి. వెనకది పొడవు పెరిగి ఉంటుంది. మొనను పావు అంగుళం కిందికి దించితే సరిపోతుంది. కాటన్ ట్విల్‌కైతే వెనకది ముందు కంటే పావు అంగుళం తక్కువ ఉన్నా మంచిదే, ఆవిరి ఇస్త్రీతో పై భాగాన్ని కొంచెం లాగి ముందుదానికి సరిపెట్టి కుట్టండి. సీటు కింద బట్ట చక్కగా అతుక్కుంటుంది. గట్టి పాలిస్టర్‌కు ఈ పద్ధతి పనిచేయదు, దానికి రెండూ సమానంగా ఉంచండి.

లెక్క చూడండి. సీటు గీత దగ్గర ఒకటి, వంపులో అర, మొనలో అర, మొత్తం రెండు. ఇదే క్రమంలో ఒక్కొక్కటిగా చేయండి. పొడవు ఇచ్చాక కొన్నిసార్లు ఇరుక్కోవడం సగం తగ్గిపోతుంది, అప్పుడు వంపును అంత లోతు చేయనక్కర్లేదు. మూడూ ఒకేసారి మారిస్తే ఏది ఎక్కువైందో ఎవరూ చెప్పలేరు.

నడుముకు, సీటుకు మీకు 11 అంగుళాల తేడా ఉంది. ప్యాటర్న్‌లో వెనక ఒక్కో ముక్కకు ఒకే డార్ట్ ఉంటే దాన్ని రెండు చేయండి. ఒకటిన్నర అంగుళాల డార్ట్ ఒక్కటే వేస్తే చివర మొటిమలా పొడుచుకొస్తుంది. ముప్పావు చొప్పున రెండు వేసి, సీటు ఉబ్బెత్తుకు కనీసం ఒక అంగుళం పైన ఆపండి. నడుము వదులుగా ఉందని మొత్తం సీటు కుట్టులోనే పట్టేయవద్దు. ఏటవాలు మరీ ఎక్కువై, పిరుదుల కింది మడతలు పెరుగుతాయి.

కుట్టేసిన రెండు ప్యాంట్ల సంగతి. సైజు పెద్దది కుట్టినదాన్ని కొంత వరకు కాపాడవచ్చు. లోపలి కాలి కుట్టు విప్పి, వెనక ముక్క మార్జిన్‌ను పావు అంగుళానికి తగ్గిస్తే మొనకు కాస్త పొడవు వస్తుంది. ఆ ప్యాంటుకు సీటు వెడల్పు మిగులు ఉంది కాబట్టి వంపును పావు, ఇంకో పావు లోతు చేయవచ్చు. నడుము వదులును డార్ట్‌లలోకి తీసుకోండి. నిలువు పొడవు లోటు మాత్రం తీరదు, కూర్చుంటే పట్టీ ఇంకా కొంత దిగుతుంది. పొడవాటి కుర్తీ కిందికి పనికొస్తుంది. పట్టీ విప్పి, వెనక పైన అదే రంగు బట్టతో మధ్యలో వెడల్పుగా, పక్కలకు సన్నగా ఉండే ముక్క అతికితే పొడవు కూడా వస్తుంది. అతుకు కనబడుతుంది కానీ జీన్స్‌లో వెనక ఉండే యోక్ లాగా పైకుట్టు వేస్తే డిజైన్‌గానే ఉంటుంది.

క్రాచ్ దించేసిన 41 ప్యాంటును మాత్రం ఊరికే విప్పి కుట్టి శ్రమ పడకండి. కోసేసిన క్రాచ్ తిరిగి రాదు. కాళ్ల బట్టతో జేబుల లోపలి ముక్కలు, కొత్త ప్యాంటు పట్టీ లోపలి వైపు వస్తాయి, అలా వాడుకోండి.